ముప్పావలా వడ్డీకి తెచ్చిన అప్పు ఎప్పుడు కలిసొస్తుంది?

"చేతిలోంచి పెట్టింది పదహారు లక్షలు. అరవై లక్షలకు కొన్న ఫ్లాట్ ఐదేళ్లలో ఎనభై ఎనిమిది అయింది. అంటే ఇరవై ఎనిమిది లక్షలు లాభం. పెట్టినదానికి దాదాపు రెండింతలు!" హైదరాబాద్‌లో ఏ నలుగురు ఉద్యోగస్తులు కలిసినా ఇలాంటి లెక్క ఒకటి వినబడుతుంది. విన్నవాళ్లలో ఒకరిద్దరు మర్నాడే హోమ్ లోన్ కోసం బ్యాంకుకు ఫోన్ చేస్తారు.

ఈ లెక్క వెనక ఉన్న సూత్రం నిజమే. ఆర్థిక పరిభాషలో దాన్ని లీవరేజ్ ఎఫెక్ట్ అంటారు. స్థిరమైన వడ్డీకి అప్పు తెచ్చి, ఆ వడ్డీ కంటే ఎక్కువ రాబడినిచ్చే చోట పెడితే, తేడా అంతా మన సొంత డబ్బు ఖాతాలో పడుతుంది. బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుందే తప్ప లాభంలో వాటా అడగదు. సూత్రం సరైనదే కానీ, పైన చెప్పిన ఇరవై ఎనిమిది లక్షల లెక్క మాత్రం తప్పు. ఎక్కడ తప్పిందో చూస్తే అప్పుతో పెట్టుబడి ఎలా పనిచేస్తుందో మొత్తం అర్థమవుతుంది.

ముందు ఖర్చులూ పన్నులూ లేని చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీ దగ్గర 10 లక్షలున్నాయి. దాంతో ఒక ఆస్తి కొన్నారు. అద్దె, ధర పెరుగుదల కలిపి అది ఏడాదికి 12 శాతం ఇచ్చింది. మీకు మిగిలింది 1 లక్షా 20 వేలు. ఇప్పుడు అదే 10 లక్షలకు 30 లక్షల అప్పు జోడించి 40 లక్షల ఆస్తి కొన్నారనుకోండి. అప్పు మీద వడ్డీ 9 శాతం, అంటే మన ఊళ్ల లెక్కలో నూటికి నెలకు ముప్పావలా వడ్డీ. ఆస్తి అదే 12 శాతం ఇస్తే వచ్చేది 4 లక్షల 80 వేలు. అందులో వడ్డీకి 2 లక్షల 70 వేలు పోతే మిగిలేది 2 లక్షల 10 వేలు. మీరు పెట్టింది 10 లక్షలే కాబట్టి మీ రాబడి 21 శాతం. ఆస్తి మారలేదు, దాని రాబడి మారలేదు, మీ సంపాదన మాత్రం 12 నుంచి 21కి చేరింది.

అదే ఆస్తి 9 శాతమే ఇచ్చిందనుకుందాం. 3 లక్షల 60 వేలు వస్తాయి, 2 లక్షల 70 వేలు వడ్డీకి పోతాయి, 90 వేలు మిగులుతాయి. మీ 10 లక్షల మీద అది సరిగ్గా 9 శాతం. అప్పు చేసినా చేయకపోయినా ఒకటే, మధ్యలో తలనొప్పి అదనం. 6 శాతం ఇస్తే? వచ్చేది 2 లక్షల 40 వేలు, వడ్డీ 2 లక్షల 70 వేలు. 30 వేలు చేతినుంచి పోయాయి. అప్పు లేకుండా ఉంటే 60 వేలు మిగిలేవి. ఆస్తి విలువ 10 శాతం పడిపోతే 4 లక్షలు అక్కడ పోయి, వడ్డీ కూడా కట్టాలి. మొత్తం 6 లక్షల 70 వేలు, అంటే మీ పది లక్షల్లో మూడింట రెండు వంతులు ఒక్క ఏడాదిలో కరిగిపోతాయి.

ఈ నాలుగు ఫలితాలూ ఒకే చిన్న సూత్రంలో ఇమిడిపోతాయి:

సొంత డబ్బు మీద రాబడి = ఆస్తి రాబడి + (అప్పు ÷ సొంత డబ్బు) × (ఆస్తి రాబడి − వడ్డీ రేటు)

చివరి బ్రాకెట్‌ను జాగ్రత్తగా చూడండి. ఆస్తి రాబడికీ వడ్డీకీ మధ్య ఉన్న తేడాను అప్పు హెచ్చిస్తుంది. పై ఉదాహరణలో అప్పు సొంత డబ్బుకు మూడింతలు కాబట్టి తేడా కూడా మూడింతలవుతుంది. తేడా ప్లస్‌లో ఉంటే ప్లస్ మూడింతలు, మైనస్‌లో ఉంటే మైనస్ మూడింతలు. అందుకే "ధర పెరుగుతుందా?" అని అడిగితే సరిపోదు. వడ్డీని దాటి పెరుగుతుందా అని అడగాలి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి స్థలం కొన్న మనిషికి ఆ గీత ఏడాదికి 24 శాతం దగ్గర ఉంటుంది. ఏటా స్థలం 15 శాతం పెరిగినా అతను మునుగుతూనే ఉంటాడు. ఊళ్లో మాత్రం అందరూ "వాడి స్థలం బాగా పెరిగిందిరా" అంటుంటారు.

ఇప్పుడు మన ఫ్లాట్ దగ్గరికి వద్దాం. ధర 60 లక్షలు. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 4 లక్షల 50 వేలు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపకూడదు. కాబట్టి అప్పు 48 లక్షలు, సొంత డబ్బు 12 లక్షలకు రిజిస్ట్రేషన్ కలిపి 16 లక్షల 50 వేలు. ఇరవై ఏళ్లకు 9 శాతం స్థిర వడ్డీ అనుకుంటే ఈఎంఐ దాదాపు 43,200 రూపాయలు.

ఫ్లాట్‌ను అద్దెకిచ్చారు. నెలకు 18 వేలు వస్తుందనుకుందాం. ఆస్తి పన్ను, చిన్నా పెద్దా రిపేర్లు, మధ్యలో ఖాళీగా ఉండే నెల అన్నీ తీసేస్తే చేతికి మిగిలేది సగటున 15 వేలు. ఆస్తి విలువలో ఇది ఏడాదికి 3 శాతం. మన నగరాల్లో ఫ్లాట్ల అద్దె ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అంటే అద్దె ఈఎంఐలో మూడో వంతు మాత్రమే మోస్తుంది. మిగతా 28 వేలు నెలనెలా జీతంలోంచి వెళ్లాల్సిందే.

"పెట్టింది పదహారు లక్షలు" అన్న మాట ఇక్కడే తప్పుతుంది. ఐదేళ్లలో కట్టిన ఈఎంఐలు దాదాపు 26 లక్షలు. అద్దె ఏటా 5 శాతం పెరిగిందనుకున్నా వచ్చింది 10 లక్షలే. మిగతా 16 లక్షలూ ఆయన జేబులోంచి పోయినవే. మొదట పెట్టిన పదహారున్నరతో కలిపితే పెట్టుబడి 32 లక్షల 50 వేలు. నెలనెలా పోయే డబ్బు పెట్టుబడిలా కనిపించదు, ఖర్చులా కనిపిస్తుంది. అందుకే లెక్కలోకి రాదు. ఆ ఈఎంఐల్లో ఎంత భాగం వడ్డీకి పోయిందో చూడండి: 20 లక్షల 50 వేలు. ఐదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా బ్యాంకుకు ఇంకా 42 లక్షల 60 వేలు బాకీ ఉంటుంది.

ధర ఏటా 8 శాతం చొప్పున పెరిగి 88 లక్షలకు అమ్మాడనుకుందాం. బ్రోకరుకు 1 శాతం, లాభం మీద సెస్‌తో కలిపి 13 శాతం క్యాపిటల్ గెయిన్స్ పన్ను, బ్యాంకు బాకీ అన్నీ పోగా చేతికొచ్చేది 42 లక్షల కంటే కొంచెం తక్కువ. ముప్పైరెండున్నర లక్షలు పెట్టి 9 లక్షల చిల్లర సంపాదించాడు. డబ్బు ఏ నెలలో ఎంత పెట్టాడో చూసి చక్రవడ్డీ పద్ధతిలో లెక్కగడితే ఏడాదికి దాదాపు 7 శాతం. ఇదే ఫ్లాట్‌ను మొత్తం నగదు పెట్టి కొన్న మనిషికి ఏడాదికి 8 శాతం పైచిలుకు వస్తుంది. (అద్దె మీద పన్నును ఇద్దరికీ వదిలేశాను. అది నగదు పెట్టినాయనకే కొంచెం ఎక్కువ పడుతుంది.)

అప్పు లాభాన్ని పెంచాలి కదా, తగ్గించిందేం? ధర పెరుగుదల 8, అద్దె 3 కలిపితే 11. వడ్డీ 9. పైపైన చూస్తే మనం గెలవాల్సిందే. కానీ రిజిస్ట్రేషనూ బ్రోకరేజీ పన్నూ కలిసి ఆ 11లోంచి ఏటా రెండున్నర, మూడు శాతం దాకా కొరికేశాయి. మిగిలిన అసలు రాబడి 8 చిల్లర మాత్రమే. అది 9కి దిగువన ఉంది కాబట్టి అప్పు ఎదురు తిరిగింది. మన సూత్రంలో బ్రాకెట్ మైనస్‌లోకి వెళ్లిందన్నమాట.

ధర ఏటా 12 శాతం పెరిగితే కథ మారుతుంది. ఫ్లాట్ 1 కోటి 5 లక్షలు దాటుతుంది. నగదుతో కొన్నవాడికి ఏడాదికి పదకొండున్నర శాతం పైన వస్తే, అప్పు చేసినవాడికి 15 శాతం పైన వస్తుంది. ఇదీ నిజమైన లీవరేజ్ ఫలితం. చిన్న లెక్కలో 12 కాస్తా 21 అయింది కదా, ఇక్కడ అంత ఎందుకు పెరగలేదన్న అనుమానం రావచ్చు. ఈఎంఐ కట్టేకొద్దీ అప్పు తగ్గి సొంత డబ్బు పెరుగుతుంది. మొదటిరోజు అప్పు సొంత డబ్బుకు దాదాపు మూడింతలు. ఐదో ఏడు చివరికి 42.6 లక్షలకు 32.5 లక్షలు, అంటే ఒకటింబావు చిల్లర. హెచ్చించే సంఖ్యే చిన్నదైపోయింది.

ధర అసలు పెరగకపోతే? పడిపోవడం కాదు, ఐదేళ్లూ 60 లక్షల దగ్గరే ఆగిపోయిందనుకోండి. నగదు పెట్టిన మనిషికి అద్దె పుణ్యమా అని ఐదేళ్లలో దాదాపు 5 లక్షలు మిగులుతాయి. అప్పు చేసినవాడు ముప్పైరెండున్నర లక్షలు పెట్టి 17 లక్షలు కూడా వెనక్కి తెచ్చుకోలేడు. సగం పోయినట్టే. రూపాయి ధర తగ్గకుండానే!

ధరలు ఏళ్ల తరబడి కదలకుండా ఉండటం మన దగ్గర ఎరగని సంగతేం కాదు. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం తర్వాత, దాని వెనకే రాష్ట్ర విభజన ఎటు తేలుతుందో తెలియని ఏళ్లలో హైదరాబాద్ మార్కెట్ అలాగే నీరసించింది. అమరావతి చుట్టుపక్కల 2014 తర్వాత భూముల ధరలు ఎలా ఎగిశాయో, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట అసెంబ్లీలో వినబడ్డాక ఎలా కూలాయో గుంటూరు, విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2024 ఎన్నికల తర్వాత ఆ భూములకు మళ్లీ కదలిక వచ్చింది. సొంత డబ్బుతో కొన్నవాడు ఆ నాలుగున్నరేళ్లూ పళ్లబిగువున ఆగగలిగాడు. వడ్డీకి తెచ్చి కొన్నవాడికి ఆగే వీలు లేదు. చివరికి అతని అంచనా నిజమైనా అప్పటికి స్థలం అతని పేర ఉండదు. బ్యాంకు అప్పయితే ఈఎంఐ బాకీ 90 రోజులు దాటగానే ఖాతా మొండిబాకీల్లో చేరుతుంది. తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం, వేలం. వేలంలో మంచి ధర పలుకుతుందని ఆశపడటం దండగ.

స్థిర వడ్డీ అన్న మాటను ఇంతసేపూ తేలిగ్గా వాడుకుంటూ వచ్చాం. నిజానికి లెక్కంతా దాని మీదే నిలబడింది. అప్పు సొంత డబ్బుకు మూడింతలున్నప్పుడు వడ్డీ 1 శాతం పెరిగితే మన రాబడి దాదాపు 3 శాతం తగ్గుతుంది. మన దేశంలో గృహరుణాల్లో ఎక్కువ భాగం ఫ్లోటింగ్ రేటువి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ గృహరుణాలను రెపో రేటు లాంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. 2022 మే మొదట్లో 4 శాతంగా ఉన్న రెపో, 2023 ఫిబ్రవరికి ఆరున్నరకు చేరింది. పది నెలలు తిరగకుండా రెండున్నర శాతం.

ఆ దెబ్బ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. 2022 ఏప్రిల్‌లో 6.75 శాతానికి ఇరవై ఏళ్ల గడువుతో 48 లక్షలు తీసుకున్న మనిషి ఈఎంఐ 36,500. రేటు 9.25 అయ్యాక 48 లక్షల మీద నెల వడ్డీయే 37,000. పాత ఈఎంఐనే కొనసాగిస్తే అది దాదాపు మొత్తం వడ్డీకే సరిపోతుంది, అసలు కదలదు. చాలా బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువును సాగదీశాయి. నెలనెలా అదే మొత్తం కట్ అవుతోంది కదా అని చాలామంది గమనించనే లేదు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కలగజేసుకుని, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది ఖాతాదారుకే వదలాలని, స్థిర వడ్డీకి మారే వీలు కూడా కల్పించాలని చెప్పింది. 2025లో రెపో మళ్లీ దిగింది. ఫ్లోటింగ్ తీసుకున్నవాళ్లకు అది ఊరట. కానీ ఇరవై ఏళ్ల ముందుచూపుతో లెక్కలు వేసుకునే పెట్టుబడిదారుకు ఈ ఎగుడుదిగుళ్లే అసలు ప్రమాదం.

అమెరికాలో ఉన్న మనవాళ్ల పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ముప్పై ఏళ్లకూ ఒకే వడ్డీ ఉండే గృహరుణం మామూలు విషయం. 2021లో ఆ వడ్డీ 3 శాతం దగ్గర ఉండేది. 2023 అక్టోబరుకి అది 8 శాతం దరిదాపుల్లోకి వెళ్లింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో 2021లో ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి ఆ పెరుగుదలతో నిమిత్తం లేదు. మిగతా లోకానికి వడ్డీ ఎంత పెరిగినా వాళ్లు కట్టేది 3 శాతమే. అద్దెలు ఏటా పెరుగుతాయి, అప్పు వాయిదా పెరగదు. అయితే టెక్సస్‌లో ఆస్తి పన్ను బరువు తక్కువేం కాదు, దాన్ని కూడా రాబడిలోంచి తీసేసే చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్న బావమరిది తన 9 శాతం ఫ్లోటింగ్ లోన్‌ను దాంతో పోల్చుకుని "అమెరికాలో అందరూ ఇలాగే సంపాదిస్తున్నారు" అనుకోవడంలో అర్థం లేదు. 3 శాతం అద్దె, 3 శాతం వడ్డీ ఉన్నచోట ధర కాస్త పెరిగినా లాభమే. 3 శాతం అద్దె, 9 శాతం వడ్డీ ఉన్నచోట మొదటిరోజు నుంచే ఆరు శాతం వెనకబడి పరుగు మొదలుపెట్టాలి.

మన దగ్గర "ఫిక్స్‌డ్" అని అమ్మే గృహరుణాల్లో కొన్నిటికి ఆ స్థిరత్వం మొదటి రెండేళ్లకో మూడేళ్లకో మాత్రమే. తర్వాత రేటు మార్చే హక్కు బ్యాంకు తన దగ్గరే పెట్టుకుంటుంది. శాంక్షన్ లెటర్‌లో రీసెట్ క్లాజ్ అనో, రేటు సవరణ అనో ఉందేమో వెతకాలి. ముందుగా తీర్చేస్తే వేసే రుసుము సంగతి కూడా అక్కడే ఉంటుంది. ఫ్లోటింగ్ గృహరుణాన్ని మామూలు వ్యక్తి ముందుగా తీర్చేస్తే బ్యాంకు రుసుము వసూలు చేయకూడదు. ఫిక్స్‌డ్‌లో చేయొచ్చు.

ఇంకో పొరపాటు ఈ మధ్య ఎక్కువైంది. 16 లక్షల 50 వేల సొంత డబ్బు కూడా సొంతది కాకపోవడం. అందులో 10 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు వడ్డీ. ఫ్లాట్ అద్దె మొత్తం ఏడాదికి 1 లక్షా 80 వేలే. సొంత డబ్బు ఆరున్నర లక్షలకు తగ్గి అప్పు 58 లక్షలయ్యేసరికి సూత్రంలో హెచ్చించే సంఖ్య మూడు నుంచి దాదాపు తొమ్మిదికి ఎగబాకుతుంది. అప్పుడు ఏడాదికి ఒక్క శాతం తేడా పడినా సొంత డబ్బులో తొమ్మిది శాతం పోతుంది. పర్సనల్ లోన్‌తో డౌన్ పేమెంట్ కట్టినా జరిగేది ఇదే, పేరే వేరు.

మన ఉదాహరణలోని ఫ్లాట్‌కు 9 శాతం అప్పు లాభమూ నష్టమూ కాకుండా సరిపోవాలంటే ధర ఏటా దాదాపు 9 శాతం పెరగాలి. 60 లక్షలది ఐదేళ్లలో 92 లక్షల దగ్గరికి రావాలి. అది దాటాకే అప్పు మన తరఫున పనిచేయడం మొదలుపెడుతుంది. ఇక్కడ ఫ్లాట్ గురించి ఒక మాట చెప్పాలి. కట్టడం ఏటా పాతబడుతుంది, పెరిగేది దాని కింద ఉన్న భూమి విలువ. మీ వాటాకు వచ్చే భూమి, అదే యూడీఎస్, నలభై గజాలా, డెబ్బై గజాలా అన్నది చూడకుండా "ఏరియా పెరుగుతోంది" అని కొనేవాళ్లు ఎక్కువ. నలభై అంతస్తుల టవర్‌లో ఒక్కొక్కరికీ వచ్చే భూమి వాటా చాలా తక్కువ. అక్కడ ఏటా 9 శాతం పెరుగుదల మీద ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణం కావాలి.

సొంతానికి ఉండటానికి ఇల్లు కొంటే లెక్క వేరు. అద్దె మిగులుతుంది, మనశ్శాంతి ఉంటుంది, వాటికి శాతాలు కట్టనక్కర్లేదు. కానీ అద్దెకివ్వడానికి, ఐదేళ్లలో అమ్మడానికి, 9 శాతం అప్పుతో 3 శాతం అద్దె వచ్చే ఫ్లాట్ కొనడం నా దృష్టిలో పెట్టుబడి కాదు, ధర మీద కట్టిన పందెం. ఆ పందెం కట్టదలిస్తే సంతకానికి ముందు ఒక కాగితం మీద ఐదేళ్లూ ధర పెరగనట్టు రాసుకుని, నెలకు 28 వేలు జీతంలోంచి ఆపకుండా కట్టగలరో లేదో ఇంట్లోవాళ్లతో కలిసి చూసుకోండి. కట్టలేమనిపిస్తే ఆ ఫ్లాట్ వదిలేయండి.